రాజీ కుదిరింది సరే, కాగితం ఎలా రాయాలి? ఒక వాటాల దావా రాజీ డిక్రీ అయ్యే దారి

వాటాల దావాల్లో రాజీ కుదరడమే కష్టం అనుకుంటాం కానీ కోర్టుల్లో చూసేవాళ్లకి తెలుసు, కుదిరిన రాజీని కాగితం మీద సరిగ్గా పెట్టడం అంతకన్నా కష్టం. పెద్దమనుషుల ముందు అందరూ తలూపుతారు, కాఫీలు తాగుతారు, మర్నాడు జూనియర్ లాయర్ పాత ఫైల్లోంచి ఒక కాంప్రమైజ్ మెమో తీసి పేర్లు మార్చి ప్రింట్ తీస్తాడు, అందరూ సంతకాలు పెడతారు, జడ్జిగారు డిక్రీ ఇస్తారు. ఆరేళ్ల తర్వాత అదే డిక్రీ పట్టుకుని అమలు చేయించమని ఈపీ వేస్తే, ఇందులో అమలు చేయడానికి ఏముంది అని కోర్టు అడుగుతుంది. గొడవ మళ్లీ మొదటికి వస్తుంది, ఈసారి ఇంకాస్త కసిగా.

అందుకే ఒక ఉదాహరణ తీసుకుని మొదటి నుంచి చివరి వరకు చూద్దాం. కల్పించిన కుటుంబమే, కానీ ఇందులో ఉన్న చిక్కులన్నీ జిల్లా కోర్టుల్లో వారం వారం కనిపించేవే.

గుంటూరు వైపు ఒక కుటుంబం అనుకోండి. తండ్రి 2016లో పోయారు, వీలునామా రాయలేదు. ఆయన సొంత సంపాదన 4 ఎకరాల 20 సెంట్ల మాగాణి, టౌన్లో 240 గజాల స్థలంలో ఇల్లు. వారసులు నలుగురు: తల్లి, పెద్దన్న, చిన్నన్న, చెల్లెలు. హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ ప్రకారం నలుగురికీ సమానంగా నాలుగో వంతు. పొలం చిన్నన్న చేస్తున్నాడు, ఇంట్లో పెద్దన్న, తల్లి ఉంటున్నారు, చెల్లెలికి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఆమె అన్నలిద్దరి మీదా, తల్లి మీదా వాటాల దావా వేసింది. దావా షెడ్యూలులో ఒకటో ఐటమ్ పొలం, రెండో ఐటమ్ ఇల్లు.

మూడేళ్లు వాయిదాలు తిరిగాక పెద్దల సమక్షంలో లెక్క తేలింది. పొలం ఎకరం 40 లక్షల చొప్పున కోటి 68 లక్షలు, ఇల్లు 72 లక్షలు, మొత్తం 2 కోట్ల 40 లక్షలు. తల్లి నాకు వాటా వద్దు, బతికున్నన్నాళ్లు ఆ ఇంట్లో ఒక గది, నెలకి ఖర్చులకి 9 వేలు చాలు అంది. అంటే ముగ్గురికి తలా 80 లక్షలు. పెద్దన్నకి ఇల్లు కావాలి. చెల్లెలికి టౌన్లో స్థలం ఉంటే బాగుండు అనిపించింది. పెద్దన్న తన సొంత డబ్బుతో కొనుక్కున్న 150 గజాల స్థలం ఒకటుంది, విలువ 30 లక్షలు, అది చెల్లెలికి ఇస్తానన్నాడు. దాంతో చెల్లెలికి ఆ స్థలం, ఎకరం 25 సెంట్ల పొలం. పెద్దన్నకి ఇల్లు, 95 సెంట్లు. చిన్నన్నకి 2 ఎకరాలు. లెక్క పైసాతో సహా సరిపోయింది. ఇన్నేళ్లు చెల్లెలి వాటా పంట తిన్నందుకు చిన్నన్న ఆమెకి 3 లక్షల 60 వేలు ఇస్తానన్నాడు.

ఇంతవరకు చాలా బాగుంది. ఇప్పుడు కాగితం.

సివిల్ ప్రొసీజర్ కోడ్ 23వ ఆర్డర్ 3వ రూల్ చెప్పేది తేలిగ్గానే ఉంటుంది. దావా మొత్తం గానీ కొంత గానీ చట్టబద్ధమైన ఒప్పందంతో పరిష్కారమైందని కోర్టుకి నమ్మకం కలిగితే, ఆ ఒప్పందం రాతపూర్వకంగా, పార్టీల సంతకాలతో ఉంటే, కోర్టు దాన్ని రికార్డు చేసి ఆ ప్రకారం డిక్రీ ఇవ్వాలి. రాత, సంతకం అనే మాటలు 1976 సవరణతో వచ్చాయి. నోటిమాట రాజీలు, ఏదో ఒప్పుకున్నామని తర్వాత చెప్పుకోవడాలు ఆపడానికే ఆ సవరణ. కాంట్రాక్టు చట్టం ప్రకారం చెల్లనిది గానీ, మోసంతోనో బలవంతంతోనో చేసినందువల్ల రద్దు చేయదగినది గానీ చట్టబద్ధమైన ఒప్పందం కాదని కూడా ఆ రూల్ కిందే రాసి ఉంది.

డిక్రీ అయ్యాక ఈ రాజీ చెల్లదు అంటూ వేరే దావా వేయడానికి వీల్లేదు, 3ఏ రూల్ దాన్ని మూసేసింది. సమ్మతితో ఇచ్చిన డిక్రీ మీద మామూలు అప్పీలూ ఉండదు. నన్ను మోసం చేశారు అనేవాళ్లు రాజీని రికార్డు చేసిన ఆ కోర్టుకే వెళ్లి చెప్పుకోవాలని సుప్రీంకోర్టు పుష్పాదేవి భగత్ కేసులో 2006లో తేల్చింది. అంటే ఆ కాగితం మీద సంతకం పెట్టాక వెనక్కి వెళ్లే దారి చాలా ఇరుకు. చదవకుండా సంతకం పెట్టకండి అని లాయర్లు గోల పెట్టేది అందుకే.

మొదట చూడాల్సింది ఎవరు సంతకం పెడుతున్నారు అన్నది. డిక్రీ దావాలో ఉన్న పార్టీలనే కట్టిపడేస్తుంది. మన ఉదాహరణలో తల్లి ప్రతివాదిగా ఉంది కాబట్టి సరిపోయింది. చాలా దావాల్లో అమ్మ ఎక్కడికి పోతుందిలే అని ఆమెని పార్టీగా చేర్చరు, పెళ్లయి వెళ్లిన ఇంకో ఆడపిల్లని చేర్చరు, చనిపోయిన కొడుకు పిల్లల్ని మరిచిపోతారు. వాళ్లు లేకుండా రాసిన రాజీ వాళ్ల వాటాని తాకలేదు. రేపు వాళ్లొచ్చి మళ్లీ వాటా అడిగితే అందరి లెక్కా తప్పుతుంది. కాబట్టి రాజీకి ముందే వాళ్లని దావాలో పార్టీలుగా చేర్చి అప్పుడు సంతకాలు పెట్టించాలి. పిల్లల్లో మైనరు ఉంటే, ఆ రాజీ మైనరుకి మేలు అని గార్డియన్ అఫిడవిట్, లాయర్ ఉంటే ఆయన సర్టిఫికెట్ పెట్టి 32వ ఆర్డర్ 7వ రూల్ కింద కోర్టు అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతి లేని రాజీని మైనరు తరఫున తర్వాత ఎత్తి పారేయొచ్చు.

అన్నల్లో ఒకరు డల్లాస్‌లో ఉంటే? జీపీఏ ఇస్తారు. కానీ మామూలు జీపీఏలో కేసులు నడపడానికి అని ఉంటుంది తప్ప రాజీ పడటానికి, వాటా వదులుకోవడానికి అని ఉండదు. ఆ దావా నంబరు వేసి, రాజీ షరతులకి ఒప్పుకునే అధికారం ఇస్తున్నాను అని స్పష్టంగా రాయించాలి. విదేశంలో రాసిన పవర్ ఇండియాకి చేరాక మూడు నెలల్లోపు స్టాంపు చేయించాలి, ఇది చాలామంది మరిచిపోతారు. లాయర్ ఒక్కడే క్లయింటు తరఫున సంతకం పెట్టొచ్చని సుప్రీంకోర్టు ఒప్పుకుంది కానీ, ఆస్తి రాజీల్లో నేనైతే అలా ఎప్పటికీ చేయించను. పార్టీ ప్రతి పేజీలోనూ సంతకం పెట్టాలి, వేలిముద్ర అయితే పక్కన గుర్తించినవాళ్ల సంతకం ఉండాలి. మెమో ఇంగ్లిషులో రాస్తే, చదివి తెలుగులో వివరించగా అర్థం చేసుకుని ఒప్పుకుని సంతకం చేశారు అనే వాక్యం చివర ఉండాలి. ఆ వాక్యం ఊరికే రాయడం కాదు, నిజంగా చదివి వినిపించాలి.

ఇప్పుడు అసలు చిక్కుకి వద్దాం, ఆ 150 గజాల స్థలం.

రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ కోర్టు డిక్రీలకి రిజిస్ట్రేషన్ అవసరం లేదని మినహాయింపు ఇస్తుంది. కానీ అందులోనే ఒక పట్టు ఉంది: రాజీ మీద ఇచ్చిన డిక్రీలో దావాలో లేని స్థిరాస్తి ఉంటే ఆ మినహాయింపు దానికి వర్తించదు. పొలం, ఇల్లు దావా షెడ్యూలులో ఉన్నాయి. ఆ స్థలం లేదు. 23వ ఆర్డర్ ప్రకారం దావాలో లేని ఆస్తిని కూడా రాజీలో కలుపుకోవచ్చు, కోర్టు డిక్రీ కూడా ఇస్తుంది, పార్టీలు ఆ మాటకి కట్టుబడాలి. కానీ ఆ డిక్రీ కాగితంతోనే చెల్లెలు స్థలానికి యజమాని అయిపోదు. డిక్రీలో వచ్చింది కదా అని ఇల్లు కట్టుకుని పదేళ్లకి అమ్మబోతే, లింకు డాక్యుమెంట్ ఏదమ్మా అని కొనేవాళ్ల లాయర్ అడిగినప్పుడు తెలుస్తుంది అసలు సంగతి.

కొందరు దీనికి ఒక అడ్డదారి చూపిస్తారు, దావాని సవరించి ఆ స్థలాన్ని కూడా షెడ్యూలులో మూడో ఐటమ్‌గా కలిపేద్దాం, అప్పుడు రిజిస్ట్రేషన్ ఖర్చు ఉండదు అని. వద్దు. ఆ స్థలం పెద్దన్న సొంతం, చెల్లెలికి అందులో ముందునుంచి ఏ హక్కూ లేదు. 1995లో భూప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు సరిగ్గా ఈ ప్రశ్నే వేసింది: డిక్రీ అప్పటికే ఉన్న హక్కుని గుర్తిస్తోందా, లేక కొత్తగా హక్కు పుట్టిస్తోందా? కొత్తగా పుట్టిస్తే, ఆస్తి విలువ వంద రూపాయలు దాటితే రిజిస్టరు చేయాల్సిందే. స్టాంపు డ్యూటీ ఎగ్గొట్టడానికి కోర్టుని వాడుకోకుండా చూడాలని కూడా ఆ తీర్పులోనే ఉంది. ముందునుంచి ఉన్న హక్కుని చెప్పే రాజీ డిక్రీకైతే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని 2024 డిసెంబరులో ముకేశ్ కేసులో మళ్లీ చెప్పింది. తేడా అంతా ఆ ముందునుంచి ఉన్న హక్కులోనే ఉంది.

కాబట్టి మన మెమోలో రెండు పనులు చేయాలి. మొదటిది, పొలం, ఇల్లు గురించి రాసేముందు, ఇవి తండ్రివి, ఆయన వీలునామా లేకుండా ఫలానా తేదీన చనిపోయారు, ఆ రోజు నుంచి నలుగురికీ తలా నాలుగో వంతు హక్కు ఉంది, ఆ హక్కునే ఇప్పుడు హద్దులతో విడదీసుకుంటున్నాం అని నాలుగు వాక్యాలు రాయాలి. పెద్దన్న చెల్లెలికి ఎకరం 25 సెంట్లు ఇస్తున్నాడు అని రాస్తే అది దానం లాగానో, బదిలీ లాగానో కనిపిస్తుంది. చెల్లెలి వాటా కింద ఎకరం 25 సెంట్లు ఆమెకి కేటాయించబడింది అని రాయాలి. ఇస్తున్నాడు, కేటాయించబడింది, ఈ రెండు మాటల మధ్య తేడా చిన్నదే, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మాత్రం చాలా పెద్దది.

రెండోది, స్థలం గురించి వేరే పేరా. ఇలా రాయొచ్చు: "బి షెడ్యూలులోని 150 గజాల స్థలం రెండో ప్రతివాది అయిన పెద్దన్న సొంతం, దావా ఆస్తి కాదు. ఆయన 2026 మార్చి 31లోపు వాది పేర ఆ స్థలానికి రిజిస్టర్డ్ దస్తావేజు రాసి ఇవ్వాలి, స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులు వాది భరించాలి. గడువులోపు రాసి ఇవ్వకపోతే వాది కోర్టు ద్వారా దస్తావేజు రాయించుకోవచ్చు." ఇలా ఉంటే పెద్దన్న మొండికేసినా 21వ ఆర్డర్ 34వ రూల్ కింద చెల్లెలు ముసాయిదా దస్తావేజు దాఖలు చేస్తుంది, చివరికి కోర్టే ఆయన తరఫున సంతకం పెట్టిస్తుంది. అది ఏ రకం దస్తావేజు కావాలో ముందే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో డ్యూటీ లెక్క కనుక్కుని మెమోలో రాసేయాలి, లేకపోతే ఆ ఖర్చు మీద మళ్లీ గొడవ.

తల్లి సంగతి. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ఎక్కువమంది రాజీలు రాసేవాళ్లు రెండు లైన్లతో దాటేసే చోటు ఇదే. తల్లి జీవితాంతం గది అనుభవించి, తదనంతరం పెద్దన్నకి చెందును, అని రాస్తారు. పాత అలవాటు. ఆ అలవాటు ఎక్కడికి తీసుకెళ్తుందో మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన తులసమ్మ కేసు చెబుతుంది. భర్త పోయిన ఆమెకి మనోవర్తి కింద 1949 నాటి రాజీలో కొన్ని ఆస్తులు బతికున్నంత కాలం అనుభవించేలా, అమ్మే హక్కు లేకుండా ఇచ్చారు. తర్వాత ఆమె వాటిలో కొన్నిటిని అన్యాక్రాంతం చేస్తే భర్త సవతి సోదరుడు కోర్టుకెళ్లాడు. 1977లో సుప్రీంకోర్టు ఏమందంటే, మనోవర్తి అనేది ఆమెకి ముందునుంచి ఉన్న హక్కు, దానికి బదులుగా వచ్చిన ఆస్తి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ వల్ల ఆమెకి సంపూర్ణ సొంతం అయిపోతుంది, రాజీలో జీవితకాలం అని రాసినా సరే.

మన కేసులో తల్లికి నాలుగో వంతు సొంతంగా ఉంది, దానికి బదులుగా గది తీసుకుంటోంది. గది ఆమెకి కేటాయించి జీవితకాలం అని రాస్తే, రేపు ఆ గది ఎవరిది అనే ప్రశ్న మనవల తరంలో లేస్తుంది. కాబట్టి అసలు ఉద్దేశం ఏమిటో ముందు తల్లినే అడగాలి. ఆమెకి నిజంగా వాటా వద్దా, లేక కొడుకులు మొహం ముడుచుకుంటారని అలా అంటోందా? నా అభిప్రాయం దాచుకోను, వయసైన తల్లి పేర ఆస్తి ఏమీ లేకుండా చేసే రాజీ నాకు నచ్చదు. నెలకి తొమ్మిది వేలు మొదటి ఏడాది వస్తాయి, తర్వాత ఆ కోడలు ఈ కోడలు అంటారు. ఆమె అయినా ఇదే కావాలంటే, ఇల్లు పూర్తిగా పెద్దన్న వాటాకి కేటాయించాలి, అందులో తూర్పు వైపు గదిలో నివసించే హక్కు మాత్రమే తల్లికి ఉంటుందనీ, యాజమాన్యం కాదనీ విడిగా రాయాలి. అలా రాసినా 14వ సెక్షన్ వాదన ఎవరూ లేపరని హామీ ఏమీ లేదు, ఆ మాట కొడుకులకి ముందే చెప్పాలి. నెల డబ్బు ముగ్గురూ తలా 3 వేలు, ప్రతి నెల 5వ తేదీలోపు ఆమె బ్యాంకు ఖాతాలో వేయాలి. ఆ బాధ్యతకి ఒక్కొక్కరి వాటా ఆస్తి మీద ఆమెకి చార్జి ఉంటుందని రాయాలి. చార్జి అని రాస్తే డబ్బు ఆగినప్పుడు ఆమె ఆ ఆస్తి మీదకే వెళ్లి వసూలు చేసుకోవచ్చు. వట్టి చూసుకోవలెను అని రాస్తే ఆమె చేతిలో ఏమీ ఉండదు.

ఇక పొలం. కాంప్రమైజ్ మెమోల్లో నేను మొదట తిప్పి చూసేది చివరి పేజీలో ఉండే షెడ్యూలు. చాలా మెమోల్లో షరతులు పది పేజీలుంటాయి, షెడ్యూలులో మాత్రం ఉత్తరం వైపు 2 ఎకరాలు, మధ్యలో 95 సెంట్లు, దక్షిణం వైపు ఎకరం 25 సెంట్లు అని మూడు లైన్లు. ఇది పట్టుకుని కోర్టు అమీను పొలానికి వెళ్తే గీత ఎక్కడ గీయాలి?

మన పొలం తూర్పు పడమరలు 400 అడుగులు, ఉత్తరాన డొంక, అదొక్కటే దారి. ఉత్తరం నుంచి ముక్కలు కోస్తే చిన్నన్న 2 ఎకరాలు సుమారు 218 అడుగుల లోతు వస్తుంది, దాని తర్వాత పెద్దన్న 95 సెంట్లు ఇంకో 103 అడుగులు, చివర చెల్లెలిది. చెల్లెలు ట్రాక్టరు తోలుకుని వెళ్లాలంటే ఇద్దరన్నల పొలాలు దాటాలి. తూర్పు అంచున 12 అడుగుల దారి ఇవ్వాలనుకున్నారు. 12 అడుగుల వెడల్పు, 321 అడుగుల పొడవు, అది దాదాపు 9 సెంట్లు. ఎకరం 40 లక్షల లెక్కన మూడున్నర లక్షలు. ఆ 9 సెంట్లు ఎవరివి? పెద్దమనుషుల ముందు దారి ఇస్తాం అన్నప్పుడు ఎవరూ ఈ లెక్క వేయలేదు. చిన్నన్న తన 2 ఎకరాలు దారి పోగా ఉండాలంటాడు, పెద్దన్న నా 95 సెంట్లు తగ్గకూడదంటాడు. ఇది రాజీ రోజున తేలకపోతే విత్తనాలు చల్లే రోజున గట్టు మీద తేల్చుకుంటారు.

అందుకని మెమోకి ముందే మండల సర్వేయరుతోనో, లైసెన్స్ ఉన్న సర్వేయరుతోనో కొలిపించాలి. స్కెచ్ గీయించాలి. ఒక్కో ముక్కకి విడిగా నాలుగు హద్దులు, నాలుగు వైపుల కొలతలు అడుగుల్లో రాయాలి. స్కెచ్‌లో ఎ, బి, సి అని గుర్తులు పెట్టి ఆ గుర్తులే షెడ్యూలులో వాడాలి, స్కెచ్ మీద కూడా నలుగురి సంతకాలు ఉండాలి, స్కెచ్ ఈ మెమోలో భాగం అని ఒక వాక్యం ఉండాలి. దారి గురించి, ఏ ముక్కలో ఉన్న భాగం ఆ ముక్క యజమానిదే, విస్తీర్ణంలో కలిసే ఉంది, దక్షిణం వైపు ముక్కలవాళ్లకి మనుషులు, పశువులు, ట్రాక్టరు వెళ్లే హక్కు శాశ్వతంగా ఉంటుంది, ఎవరూ కంచె వేయకూడదు అని రాయాలి. బోరు ఒక్కటే ఉంటే దాని కరెంటు సర్వీసు ఎవరి పేరున ఉంది, బిల్లు ఎవరు కట్టాలి, మోటారు కాలితే ఎవరు బాగుచేయించాలి, ఇవి కూడా. చిన్న విషయాలు అనిపిస్తాయి. పొలం చేసినవాళ్లని అడగండి చిన్నవో పెద్దవో.

స్వాధీనం విషయంలో ఒక అబద్ధం అందరూ రాస్తారు: ఎవరి వాటా వారికి ఈ రోజే స్వాధీనం చేయడమైనది. నిజానికి చిన్నన్న వరి ఇంకా పొలంలోనే ఉంది. ఆ వాక్యం మీద చెల్లెలు సంతకం పెట్టేస్తే, తర్వాత స్వాధీనం ఇప్పించమని ఈపీ వేసినప్పుడు, నీకు ఆ రోజే ఇచ్చినట్టు నువ్వే ఒప్పుకున్నావు కదా అని ఎదుటి లాయర్ డిక్రీ తెరిచి చూపిస్తాడు. ఉన్నది ఉన్నట్టు రాయాలి. చిన్నన్న పంట కోసుకుని 2026 జనవరి 31లోపు సి ముక్కని చెల్లెలికి స్వాధీనం చేయాలి, చేయకపోతే ఆమె కోర్టు ద్వారా స్వాధీనం తీసుకోవచ్చు.

డబ్బు క్లాజు కూడా ఇదే పద్ధతి. చిన్నన్న 3 లక్షల 60 వేలు త్వరలో చెల్లించగలడు అని రాస్తే అది ఎప్పటికీ రాదు. లక్షా 80 వేలు 2026 ఫిబ్రవరి 28లోపు, మిగతా లక్షా 80 వేలు జూన్ 30లోపు, చెల్లెలి ఫలానా ఖాతాలోకి. తప్పితే తప్పిన రోజు నుంచి ఏడాదికి 12 శాతం వడ్డీ, అతని 2 ఎకరాల మీద చార్జి. ఒక్క వాయిదా తప్పితే రాజీ మొత్తం రద్దు అనే క్లాజు పెట్టమని కోపంలో అడుగుతారు, పెట్టకండి, లక్షా 80 వేల కోసం అందరి వాటాలూ మళ్లీ గాల్లోకి లేస్తాయి. గడువులు ఒప్పుకునే ముందే ఆలోచించాలి, ఎందుకంటే ఒప్పందంతో పెట్టుకున్న గడువుని కోర్టు తనంతట తాను పొడిగించడం చాలా అరుదు.

ఇంకో మాట, డబ్బు చేతికి చేతికి ఇవ్వకూడదు. కోర్టు బయట డిక్రీ డబ్బు ఇస్తే దాన్ని 21వ ఆర్డర్ 2వ రూల్ కింద కోర్టులో నమోదు చేయించాలి. నమోదు కాని చెల్లింపుని అమలు చేసే కోర్టు లెక్కలోకి తీసుకోదు. చెల్లెలే కదా అని పండగ రోజు కవరులో పెట్టి ఇచ్చి, తర్వాత మళ్లీ కట్టాల్సి వచ్చినవాళ్లున్నారు.

అన్నీ రాశాక ప్రార్థన దగ్గర తప్పు చేస్తారు. మెమో చివర, పై విధంగా రాజీ పడినందున దావా కొట్టివేయమని కోరుతున్నాం అని రాసి పెడతారు, లేదా దావా నడపదలచుకోలేదు అని వేరే మెమో ఇస్తారు. దావా కొట్టేస్తే అమలు చేయడానికి డిక్రీయే ఉండదు, చేతిలో మిగిలేది ఒక మామూలు ఒప్పందం. రాజీని రికార్డు చేసి, ఈ షరతుల ప్రకారం దావాని డిక్రీ చేయాలి, మెమోని, షెడ్యూళ్లని, స్కెచ్‌ని డిక్రీలో భాగం చేయాలి అని అడగాలి. వాటాలు హద్దులతో సహా తేలిపోయాయి కాబట్టి ఎవరికి ఎంత వాటా అని మాత్రమే చెప్పే ప్రిలిమినరీ డిక్రీ కాకుండా ఫైనల్ డిక్రీయే ఇవ్వమని అడగాలి.

రికార్డు చేసే రోజు నలుగురూ ఆధార్ కార్డులతో కోర్టులో ఉంటారు. మంచి జడ్జి అయితే మెమో ముందు పెట్టుకుని ఒక్కొక్కరినీ పిలుస్తారు. తల్లి దగ్గరికి వచ్చేసరికి ఆగి, "అమ్మా, మీకు నాలుగో వంతు వాటా ఉందని తెలుసా? ఇందులో మీకు వాటా ఏమీ రావడం లేదు, ఒక గదిలో ఉండే హక్కు, నెలకి డబ్బు మాత్రమే వస్తాయి. ఎవరైనా బలవంతం చేశారా?" అని తెలుగులో అడుగుతారు. ఆమె కొడుకుల వైపు చూడకుండా జవాబు చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఆ రోజు ఆ మెమో రికార్డు కాకపోవడమే మంచిది, ఒక వాయిదా పోతే పోయింది.

డిక్రీ అయింది అని మిఠాయిలు పంచాక కూడా ఇంకొంచెం పని ఉంటుంది. వాటాలు విడదీసే ఫైనల్ డిక్రీ స్టాంపు చట్టం దృష్టిలో భాగపరిష్కార పత్రమే, కాబట్టి స్టాంపు పేపర్ల మీద ఎక్కించాలి. డ్యూటీ అందరి వాటాల మీదా కాదు, అతి పెద్ద వాటాని వదిలి మిగతా వాటాల విలువ మీద. ఆ స్టాంపులు ఎవరు కొనాలో మెమోలో లేకపోతే నలుగురూ ఒకరి వైపు ఒకరు చూసుకుంటూ ఏళ్లు గడిపేస్తారు. స్టాంపుల మీద ఎక్కని డిక్రీని అమలు చేయించుకోలేరు. స్టాంపులు ఆలస్యంగా ఇచ్చాం కదా, 12 ఏళ్ల గడువు అప్పటి నుంచి మొదలవుతుంది అనుకుంటే అది కూడా కుదరదు, గడువు డిక్రీ తేదీ నుంచే నడుస్తుందని 2005లో చిరంజీలాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

సర్టిఫైడ్ కాపీ వచ్చాక తహసీల్దారు ఆఫీసులో సబ్ డివిజన్‌కి, మ్యుటేషన్‌కి దరఖాస్తు పెట్టాలి. ఇక్కడే మళ్లీ ఆ షెడ్యూలు అవసరం పడుతుంది, సర్వే నంబరు ఒక అంకె తప్పుంటే దరఖాస్తు వెనక్కి వస్తుంది. అది టైపింగ్ తప్పయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ 152వ సెక్షన్ కింద కోర్టులో సరిచేయించుకోవచ్చు. రిజిస్టరు చేయని డిక్రీ ఈసీలో కనిపించదు, అందువల్ల రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాని పొలం, ఇంటి విషయంలో కూడా కొందరు డిక్రీ కాపీని సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టరు చేయించుకుంటారు. అలా చేయాలనుకుంటే నాలుగు నెలల గడువు ఉంటుంది, కాబట్టి కాపీ అప్లికేషన్ డిక్రీ వచ్చిన రోజే వేసేయండి.